వర్క్‌షీట్ పోయింది, వ్యాసం రేపు ఇవ్వాలి: ఒక కేస్

తిరుపతిలో సాయంత్రం పూట ఇంటర్, డిగ్రీ పిల్లలకు వ్యాసాలు, ఉత్తరాలు, సారాంశాలు రాయడం నేర్పిస్తుంటాను. ఏటా ఎవరో ఒకరు "మేడం, ప్రశ్న ఉన్న కాగితం పోయింది" అంటూ వస్తారు. చాలామట్టుకు అరగంటలో ఫ్రెండ్ దగ్గర నుంచి ఫోటో వచ్చేస్తుంది, కథ అయిపోతుంది. ఈ కేసులో ఫోటో వచ్చాక కూడా ప్రశ్న దొరకలేదు. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను. అమ్మాయిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, ఊరు, కాలేజీ చెప్పడం లేదు, కొన్ని చిన్న సంగతులు మార్చాను.

నేపథ్యం

డిగ్రీ మొదటి సంవత్సరం, తెలుగు సబ్జెక్టు, అంతర్గత మార్కులకు ఒక వ్యాసం. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి తిరుపతిలో హాస్టల్లో ఉంటుంది, శని ఆదివారాలు ఇంటికి వెళ్తుంది. ఇంట్లో మామిడి తోట ఉంది. రాయడానికి భయపడే రకం కాదు, పేజీలు పేజీలు రాస్తుంది. ఇబ్బందల్లా అడిగినదానికి కాకుండా తనకు తెలిసినదానికి రాయడం. వ్యాసం అనగానే "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం" అని మొదలుపెట్టి, ఆ తర్వాత ప్రశ్నలో ఏముందో వెతుక్కునే అలవాటు. కాగితం పోయిందని తెలిసినప్పుడు నాకు ముందు ఈ అలవాటే గుర్తొచ్చింది. ప్రశ్న చేతిలో ఉన్నప్పుడే పక్కదారి పట్టే మనిషి, ప్రశ్న లేకపోతే ఎటు పోతుందో.

వర్క్‌షీట్ ఊరి నుంచి వచ్చే బస్సులో పోయింది. ఫైలు సీటు పక్కన పెట్టి, ఆర్టీసీ బస్టాండులో దిగేటప్పుడు బ్యాగు ఒక్కటే తీసుకుంది. డిపోకు వెళ్లి అడిగితే బస్సు అప్పటికే మళ్లీ బయల్దేరిందన్నారు. వ్యాసం మర్నాడు ఉదయం మొదటి పీరియడ్‌లో ఇవ్వాలి.

నా దగ్గరికి వచ్చేసరికి ఏమేం జరిగింది

మధ్యాహ్నమే సార్‌కు వాట్సాప్‌లో "సార్ వర్క్‌షీట్ పోయింది, ఏం చేయాలి?" అని పెట్టింది. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. క్లాస్ గ్రూపులో "ఎవరి దగ్గరైనా తెలుగు వర్క్‌షీట్ ఉందా, టాపిక్ ఏంటి, ఎన్ని పదాలు?" అని పెట్టింది. ఏడెనిమిది జవాబులు వచ్చాయి, అన్నీ వేరువేరు. ఒకరు నీటి ఎద్దడి అన్నారు, ఒకరు సెల్‌ఫోన్ అన్నారు, ఒకరు "నాది పండగల గురించి". పదాల సంగతికి వస్తే ఒకరు రెండు పేజీలన్నారు, ఒకరు 300 అన్నారు, ఇంకొకరు "500 అనుకుంటా". అది చూసి టెన్షన్ పడి, గైడులో ఉన్న "నీటి విలువ" వ్యాసం ఒక పేజీ దింపేసింది, అదే ఇచ్చేద్దామని. నా ముందు పెట్టింది ఆ పేజీయే.

"ఇది నీ టాపిక్కేనా పాపా?"

"తెలీదు మేడం. ఏదో ఒకటి ఇస్తే సున్నా రాదు కదా."

సున్నా రాకపోవచ్చు, నిజమే. కానీ వేరే ప్రశ్నకు రాసిన మంచి వ్యాసానికి వచ్చే మార్కుల కంటే, సొంత ప్రశ్నకు రాసిన అంతంతమాత్రం వ్యాసానికే ఎక్కువ వస్తాయి. దిద్దేవాళ్లు ముందు చూసేది అడిగినదానికి జవాబు ఉందా లేదా అనేదే. అందుకే ఆ పేజీని పక్కన పెట్టించాను. చింపనివ్వలేదు, రాతను కొలవడానికి పనికొస్తుందని. ఎలాగో కింద చెప్తాను.

అసలు ఏం పోయింది?

కాగితంతో పాటు ఏమేం పోయాయో విడివిడిగా చూసుకోవాలి. "టాపిక్ పోయింది" అని ఒక్క ముక్కలో అంటే పని జరగదు. ఆ వర్క్‌షీట్ ఎలా ఉందో గుర్తు చేసుకోమన్నాను, టాపిక్ గురించి కాదు, కాగితం గురించి. తెల్ల కాగితమా, జిరాక్సా, ఎన్ని ప్రశ్నలు, పైన ఏం రాసి ఉంది, సార్ ఇస్తూ ఏమన్నారు. ఇలా అడిగితే బయటపడింది: జిరాక్సు మీద ఆరు ప్రశ్నలున్నాయి, సార్ ఒక్కొక్కరి కాగితం మీద ఒక్కో ప్రశ్నకు పెన్నుతో టిక్కు పెట్టి ఇచ్చారు. పదాల సంఖ్య కాగితం మీద లేదు, క్లాసులో నోటితో చెప్పారు.

గ్రూపులో గందరగోళం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. ఎవరూ తప్పు చెప్పలేదు. ఎవరి టిక్కు వాళ్లది. ఫ్రెండు పంపే ఫోటోలో ఆరు ప్రశ్నలూ ఉంటాయి కానీ ఈ అమ్మాయి టిక్కు ఉండదు. ఆ టిక్కు సంగతి సార్‌కే తెలియాలి, లేదా ఆయన రాసుకున్న లిస్టులో ఉండాలి. పదాల లెక్క క్లాసులో విన్న ఎవరికైనా తెలియాలి, కానీ విన్నది కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తుంటుంది.

కాబట్టి ఒకే ప్రశ్న అందరికీ పెట్టడం దండగ. ఎవరికి ఏది తెలిసే అవకాశం ఉందో వాళ్లను అదే అడగాలి. గ్రూపులో కాకుండా ఒక క్లాస్‌మేట్‌ను నేరుగా "షీటు మొత్తం కనిపించేలా ఒక ఫోటో పెట్టు" అని అడిగించాను. టాపిక్ ఏంటి అని అడగలేదు. అడిగితే ఆ పిల్ల తన టాపిక్ తన మాటల్లో చెప్తుంది, ప్రశ్న వాక్యం రాదు. నోట్సు బాగా రాసుకునే ఇంకో అమ్మాయిని "సార్ పదాలు ఎన్నన్నారో నోట్సులో రాసుకున్నావా? రాసుకున్న చోటు ఫోటో పెట్టు" అని అడిగించాను. గుర్తున్నది చెప్పమంటే మనకు ఇంకో అంచనా వస్తుందంతే, అలాంటివి అప్పటికే మూడున్నాయి.

సార్‌కు పెట్టే మెసేజ్ దగ్గర కొంచెం ఆలోచించాం. మొదటి మెసేజ్‌కు జవాబు ఎందుకు రాలేదంటే, అందులో ఆయన చెప్పగలిగింది ఏమీ లేదు. "ఏం చేయాలి" అనేది పెద్ద ప్రశ్న. దానికి జవాబు రాయాలంటే కూర్చోవాలి, ఆలోచించాలి, కాస్త తిట్టాలి. ఇంటికెళ్లే దారిలో చూసిన మనిషి "తర్వాత చూద్దాం" అనుకుని మర్చిపోతాడు. ఫోటో వచ్చేదాకా ఆగి, దానితో పాటు ఇలా పెట్టించాను:

"నమస్కారం సార్. వ్యాసం వర్క్‌షీట్ బస్సులో పోయింది, రేపు ఉదయం తప్పకుండా ఇస్తాను. షీటు ఫోటో దొరికింది, పెడుతున్నాను. ఇందులో నాకు టిక్కు పెట్టింది ఎన్నో నంబరు సార్? ఎన్ని పదాల్లో రాయాలి?" కింద పేరు, సెక్షన్, రోల్ నంబర్.

ఆయన రెండు అంకెలు కొడితే చాలు. పైగా రేపు ఇస్తాను అని ముందే ఉండటంతో గడువు పొడిగించమని అడుగుతోందేమో అన్న అనుమానం ఉండదు. ఈ కాగితం పోయిన కేసుల్లో ఆ అనుమానమే జవాబు ఆలస్యం చేస్తుందని నా అభిప్రాయం.

ఫోటో రావడానికి గంట పైనే పట్టింది, ఆ క్లాస్‌మేట్ ట్యూషన్లో ఉంది. సార్ జవాబు ఎప్పుడొస్తుందో తెలీదు. ఈ మధ్యలో ఏం చేయాలన్నదే ఈ కేసులో అసలు విషయం.

ఎదురుచూస్తూ ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు

మూడు దారులున్నాయి. చేతులు కట్టుకుని కూర్చోవడం ఒకటి. ఊహించి ఒక టాపిక్ మీద పూర్తిగా రాసేయడం ఇంకొకటి. ఏ ప్రశ్న వచ్చినా పనికొచ్చే పథకం మాత్రం వేసుకోవడం మూడోది. మొదటిదానితో రాత్రి తొమ్మిదికి ఖాళీ కాగితంతో మొదలుపెట్టాల్సి వస్తుంది. రెండోది ఆ అమ్మాయి అప్పటికే చేసింది. మూడోది ఎంచుకున్నాం, కానీ అందులోనూ ఒక ప్రమాదం ఉంది, అది చెప్పకుండా చాలామంది పిల్లలకు "అవుట్‌లైన్ వేసుకో" అని వదిలేస్తారు.

ప్రమాదం ఏమిటంటే, టాపిక్ తెలియకుండా రాసిన ప్రతి వాక్యం ఏ టాపిక్‌కైనా సరిపోయే వాక్యమే అవుతుంది. "నేటి ఆధునిక సమాజంలో ఈ సమస్య అందరినీ ఆలోచింపజేస్తోంది." ఇది నీటికీ సరిపోతుంది, ఫోన్‌కీ సరిపోతుంది, వరకట్నానికీ సరిపోతుంది. అసలు ప్రశ్న వచ్చాక కూడా దాన్ని తీసేయడానికి చెయ్యి రాదు, కష్టపడి రాశాం కదా అని అలాగే ఉంచేస్తారు. అందుకని ఒక నియమం పెట్టాను: ప్రశ్న వచ్చేదాకా కాగితం మీద ఒక్క వాక్యం కూడా ఉండకూడదు, ప్రశ్నలే ఉండాలి. ఒక్కో పేరాకు ఒక గడి గీసుకుని, ప్రతి గడిలో నువ్వు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న రాయి.

గడులు వేయడానికి ముందు ఇంకో సంగతి తేల్చుకోవాలి, ఎలాంటి ప్రశ్న అని. వ్యాసం ప్రశ్నలు కాలేజీల్లో ఎక్కువగా మూడు తీరుల్లో వస్తాయి. కారణాలు, ఫలితాలు వివరించమనేవి, ఒక మాటతో ఏకీభవిస్తావా లేదా అని అడిగేవి, రెండింటిని పోల్చమనేవి. ఈ మూడింటికీ గడులు వేరు. వివరించమన్నదానికి ఎదుటివాళ్ల వాదన గడి అక్కర్లేదు, అభిప్రాయం అడిగినదానికి అది లేకపోతే వ్యాసం కుంటుతుంది, పోల్చమన్నదానికి ప్రతి గడిలోనూ పోల్చే రెండూ ఉండాలి. మూడూ వేయమంటే వేయొచ్చు, కానీ అప్పటికే అలిసిపోయి ఉంది, మూడు వేస్తే దేనిమీదా మనసు పెట్టదు. అందుకే మళ్లీ జ్ఞాపకాన్ని తవ్వాను. సార్ షీట్లు ఇస్తూ ఏమైనా అన్నారా?

"గైడు చూసి రాస్తే తెలిసిపోతుంది, మీరేమనుకుంటున్నారో రాయండి అన్నారు మేడం."

ఆ ఒక్క మాట చాలు. ఆరు ప్రశ్నలూ అభిప్రాయం అడిగేవే అయ్యుండాలి, లేదా ఎక్కువ భాగం. రెండో తీరు గడులు వేశాం. ఒకవేళ వివరించమన్న ప్రశ్న వచ్చినా ఎదుటివాళ్ల గడి ఒక్కటి కొట్టేస్తే సరిపోతుంది, పెద్ద నష్టం లేదు. పోల్చమనేది వస్తే మాత్రం మళ్లీ మొదటి నుంచి వేసుకోవాలి, దానికి సిద్ధపడే ఉన్నాం.

కాగితం మీద చివరికి ఉన్నది ఇది. పై గడిలో: "వాళ్లు నన్ను ఏం అడిగారు? ఒక్క వాక్యంలో నా జవాబు ఏమిటి: అవును, కాదు, కొంతవరకేనా?" రెండో గడిలో: "నా జవాబుకు అన్నిటికంటే గట్టి కారణం ఏది? అది నేను ఎక్కడ చూశాను, ఎవరికి జరిగింది?" మూడో గడిలో: "మొదటి కారణంతో సంబంధం లేని ఇంకో కారణం ఉందా? లేకపోతే ఈ గడి వదిలేయ్." నాలుగో గడిలో: "నా జవాబు తప్పనేవాళ్లు ఏమంటారు? అందులో నిజం ఎంత?" చివరి గడిలో: "ఇవన్నీ చూశాక నా జవాబు ఏ షరతు మీద నిలబడుతుంది?"

మూడో గడిలోని "సంబంధం లేని" అన్న మాట మీద వాదన జరిగింది. పిల్లలు రెండో కారణం అని రాసేది చాలాసార్లు మొదటి కారణమే, వేషం మార్చుకుని వస్తుంది. డబ్బులు రావు అన్నది ఒకటి, అప్పులు అవుతాయి అన్నది రెండు. ఇవి రెండు కాదు, ఒకటే. ఈ పరీక్ష ముందే కాగితం మీద ఉంటే, ప్రశ్న వచ్చాక తొందరలో కూడా గుర్తుంటుంది.

పదాల లెక్క తెలియకుండా కొలతలు ఎలా

సంఖ్య తెలీదు కాబట్టి వంతుల్లో పెట్టాం. మొదలు, చివర కలిపి మొత్తంలో పావు దాటకూడదు. మిగతా ముప్పావు మధ్యలోని మూడు గడులది, అందులో కారణాల గడులకు ఎక్కువ, ఎదుటివాళ్ల గడికి కొంచెం తక్కువ. ఆ పక్కనే ఏది ముందు తీసేయాలో రాసుకోమన్నాను. 150 పదాలంటే మూడో గడి మొత్తం పోతుంది, ఒకే కారణం. 500 అంటే కొత్త గడి పెట్టడం కాదు, ఉన్న కారణాలకు ఒక్కో ఉదాహరణ పెరుగుతుంది. తీసేసే వరుస ముందే ఉండటం ఎందుకు ముఖ్యమంటే, రాసేశాక కోయాల్సి వస్తే పిల్లలు ప్రతి పేరాలో నుంచి నాలుగు మాటలు పీకుతారు, అప్పుడు ఏ పేరా సరిగా నిలబడదు.

ఇప్పుడు ఆ గైడు పేజీ. అందులో మూడు నిండు లైన్లు ఎంచి పదాలు లెక్కపెట్టమన్నాను. లైనుకు ఆరేడు వచ్చాయి. పేజీకి ఇరవై నాలుగు లైన్లు, అంటే తన చేతిరాతలో పేజీకి దాదాపు 150 పదాలు. ఈ లెక్కతో గ్రూపులో వచ్చిన జవాబులు మళ్లీ చూస్తే, రెండు పేజీలు, 300 రెండూ ఒకటే మాట. 500 ఒక్కటే విడిగా ఉంది. ఆ 500 చెప్పిన పిల్లను అడిగితే అది ఇంగ్లిషు అసైన్‌మెంట్‌కు ఇచ్చిన లెక్కట. ఇక్కడ ఇంకోటి కూడా చెప్పాలి. మనకు ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి కాబట్టి "తోటలోనుంచి" ఒక్క పదం, అదే ఇంగ్లిషులో రాస్తే మూడు నాలుగు. ఇంగ్లిషు వ్యాసాలకు అలవాటుపడిన పిల్లలు 300 అంటే చిన్నదే అనుకుని తెలుగులో మొదలుపెడితే, చెప్పాల్సింది అయిపోయినా పదాలు మిగిలే ఉంటాయి, అప్పుడే ఉపోద్ఘాతంలో నీళ్లు కలుపుతారు.

కాబట్టి నోట్సు ఫోటో రాకముందే 300 అని పెన్సిల్‌తో రాసుకున్నాం. పెన్సిల్‌తోనే.

ఫోటో వచ్చింది, తర్వాత నంబరు వచ్చింది

ఫోటోలో ఆరు ప్రశ్నలూ స్పష్టంగా ఉన్నాయి. అయిదు అభిప్రాయం అడిగేవి, ఒకటి పోల్చమనేది. నాలుగోది చూడగానే అమ్మాయి "ఇదే మేడం, నాది మామిడి, గుర్తొచ్చింది" అంది. నమ్మాలా వద్దా? ఇంట్లో మామిడి తోట ఉన్న పిల్లకు ఆరింటిలో మామిడి కనిపిస్తే అదే తనదని అనిపించడం సహజం. జ్ఞాపకమో కోరికో చెప్పలేం. మెసేజ్ సార్‌కు పెట్టి, జవాబు వచ్చేదాకా నాలుగో ప్రశ్నకు గడుల్లో జవాబులు పొడి మాటల్లో నింపమన్నాను, వాక్యాలు మాత్రం వద్దు. తనది కాదని తేలితే పోయేది పది నిమిషాలు.

భోజనాల వేళ దాటాక సార్ జవాబు పెట్టారు: "4. 300 మించొద్దు." అంతే.

ప్రశ్న ఇలా ఉంది: తోతాపురి మామిడికి ప్రభుత్వం ధర ప్రకటిస్తే రైతు కష్టం తీరిపోతుందనే వాదనతో మీరు ఏకీభవిస్తారా? కారణాలతో రాయండి.

గ్రూపులో ఇదే టాపిక్ వచ్చిన ఇంకో పిల్లవాడు దాన్ని "మామిడి రైతుల కష్టాలు" అని చెప్పాడు. అది పట్టుకుని రాసి ఉంటే పురుగు మందులు, వానలు, దళారులు, కూలి రేట్లు అన్నీ ఏకరువు పెట్టేది. ఇక్కడ అడిగింది కష్టాల జాబితా కాదు. ధర ఒక్కటి పెడితే ఆ కష్టం పోతుందా అని. పూర్తి వాక్యం కోసం అంత పట్టుబట్టింది ఇందుకే.

గడులు నింపడం తొందరగానే అయింది, ఎందుకంటే ఏం అడగాలో కాగితం మీద ముందే ఉంది. జవాబు: కొంతవరకే. ధర కావాలి, కానీ అదొక్కటే సరిపోదు. గట్టి కారణం, ఎక్కడ చూశావు అన్నదానికి వాళ్ల నాన్న ట్రాక్టరు సంగతి చెప్పింది. కాయ కోసి గుజ్జు ఫ్యాక్టరీ ముందు వరుసలో పెట్టి, టోకెన్ కోసం కూర్చుంటే, లోపలికి వెళ్లేలోపు అడుగున ఉన్న కాయ మెత్తబడిపోయింది. ప్రకటించిన ధర లోపలికి వెళ్లిన కాయకే, వరుసలో పాడైన కాయకు కాదు. జిల్లాలో తోతాపురి కాయంతా ఇంచుమించు ఒకేసారి కోతకు వస్తుంది, ఫ్యాక్టరీ రోజుకు ఆడించేదానికి ఒక హద్దు ఉంటుంది.

రెండో కారణం దగ్గర ఆగింది. "ట్రాక్టరు బాడుగ ఎక్కువ" అని రాసింది. సంబంధం లేనిదా అని అడిగాను. కాదు, వరుసలో రోజులు ఎక్కువైతేనే బాడుగ పెరుగుతుంది, అది మొదటి కారణమే. కొట్టేసింది. కాసేపటికి, మా కాయ ఫ్యాక్టరీ తప్ప ఇంకెవరూ కొనరు కదా మేడం అంది. అదీ రెండో కారణం. తోతాపురి ఎక్కువగా గుజ్జుకే పోతుంది, బంగినపల్లిలా ఇంట్లో తినడానికి కొనేవాళ్లు తక్కువ. ఫ్యాక్టరీల దగ్గర పోయినేటి గుజ్జు మిగిలిపోయి ఉంటే ఈ ఏడు తక్కువ కొంటాయి, ధర ఎంత రాసిపెట్టినా.

ఎదుటివాళ్ల గడి ఆమెకు ఇష్టం లేదు, అయినా నింపింది. 2025 సీజన్లో ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని ప్రకటించింది, ఫ్యాక్టరీ 8 ఇస్తే ప్రభుత్వం 4 కలుపుతుందని. అది లేకపోతే కొందరికి కోత కూలి కూడా వచ్చేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంట్లో చేతికి ఎంత వచ్చిందో కూడా రాస్తానంది. రాయొచ్చు, కానీ ప్రకటించినది వేరు, మీ ఇంటికి వచ్చినది వేరు, రెండూ ఒకే వాక్యంలో కలపొద్దు అన్నాను. కలిపితే దిద్దే ఆయనకు ఏది అందరిదో ఏది మీదో తెలీదు.

మొదటి ప్రతి 340 దాకా వచ్చింది. లెక్కపెడితే ఎక్కువైనదంతా మొదట్లోనే ఉంది: "ఫలాలలో రాజు మామిడి" నుంచి మొదలై, జిల్లాలో ఎన్ని రకాలు పండుతాయో చెప్పే మూడు వాక్యాలు. వంతుల ప్రకారం మొదటి గడికి 35 పదాలకు మించి లేవు. ఆ మూడు వాక్యాలూ పోయాయి. ఇప్పుడు వ్యాసం "ధర ప్రకటించిన రోజే మా నాన్న ట్రాక్టరు ఫ్యాక్టరీ గేటు బయట మూడో రోజు ఉంది" అని మొదలవుతుంది. నేను చెప్పింది కాదు ఆ వాక్యం.

ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు

గ్రూపులో అందరినీ అన్నీ అడగడం పనిచేయలేదు. సార్‌ను పెద్ద ప్రశ్న అడగడం పనిచేయలేదు. గైడు వ్యాసం వ్యాసంగా పనికిరాలేదు, చేతిరాత కొలవడానికి పనికొచ్చింది. జ్ఞాపకం సగమే పనిచేసింది: టాపిక్ గురించి అడిగితే కోరికతో కలిసిపోయింది, కాగితం ఎలా ఉందో, సార్ ఏమన్నారో అడిగితే నికరమైన సంగతులు చెప్పింది. తర్వాత వచ్చిన పిల్లలతో నేను ముందు కాగితం ఆకారం గురించే అడుగుతున్నాను.

గడుల్లో ప్రశ్నలే రాయాలన్న నియమం లేకపోతే ఈ అమ్మాయి విషయంలో సాధారణ పథకం వేయడం దండగయ్యేదని నా నమ్మకం. అదే "వ్యవసాయ ప్రధాన దేశం" వచ్చి మొదటి గడిలో కూర్చునేది.

ఈ పద్ధతికి హద్దు ఉంది. ప్రశ్న ఒక పాఠం మీదో, ఇచ్చిన పద్యం మీదో, పట్టికలో ఉన్న అంకెల మీదో అయితే ఇలా ముందుగా గడులు వేసి లాభం లేదు. అక్కడ సరుకంతా ఆ కాగితంలోనే ఉంటుంది, దాన్ని సంపాదించడమే పని. అలాంటప్పుడు ఫోన్ల మీద ఫోన్లు చేయించడం తప్ప ఇంకేమీ చేయించను.

సార్ జవాబు రాకపోతే ఏం చేయాలో కూడా ఆ రాత్రి అనుకునే ఉన్నాం. తొమ్మిదిన్నర దాకా చూసి, నాలుగో ప్రశ్నకే, 300 లోపే రాసేయడం. కాగితం పైన "నా షీటు పోయినందున 4వ ప్రశ్న నాదని భావించి రాశాను" అని ఒక లైను పెట్టడం. వేరే నంబరని తేలితే ఆ లైను చూసి మళ్లీ రాయడానికి ఒక రోజు ఇవ్వమని ఆయన్ను అడగొచ్చు. లైను లేకపోతే టాపిక్ నచ్చక మార్చుకుందని అనుకునే వీలుంది.